షిఫ్టుల ఫ్యాక్టరీలో గంటల లెక్కన సెలవులు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మాది చిన్న ఫ్యాక్టరీ. రెండు సెక్షన్లు. ఒకదాంట్లో ఎనిమిది గంటల షిఫ్టులు మూడు నడుస్తాయి. అక్కడ ఒక్కొక్కరు వారానికి ఆరు రోజులు, అంటే 48 గంటలు పనిచేస్తారు. రెండో సెక్షన్‌లో మెషిన్ ఆపడానికి వీల్లేదు కాబట్టి పన్నెండు గంటల షిఫ్టులు. నాలుగు బ్యాచ్‌లు. ప్రతి బ్యాచ్‌కీ రెండు డ్యూటీలు, రెండు ఆఫ్‌లు, మూడు డ్యూటీలు, మళ్లీ రెండు ఆఫ్‌లు, రెండు డ్యూటీలు, మూడు ఆఫ్‌లు. 14 రోజుల్లో ఏడు డ్యూటీలు, 84 గంటలు. సగటున వారానికి 42. హాజరు, సెలవుల లెక్కలు చూసేది నేనే. కొన్నేళ్ల కిందట సెలవుల ఖాతాను రోజుల నుంచి గంటలకు మార్చాం. అప్పటి నుంచి వాడుతున్నాం కాబట్టి, ఎక్కడ బాగుందో ఎక్కడ లేదో చెప్పగలను.

పాత పాలసీలో అందరికీ ఏడాదికి 18 రోజులు. కాగితం మీద చూస్తే అందరూ సమానమే. కానీ ఎనిమిది గంటల వాళ్లకు 18 రోజులంటే 144 గంటలు, సరిగ్గా మూడు వారాల పని. పన్నెండు గంటల వాళ్లకు అదే 18 రోజులు 216 గంటలవుతుంది. వాళ్ల వారం 42 గంటలు కాబట్టి ఐదు వారాల పైమాటే. మొదటి సెక్షన్ వాళ్లు ఏళ్ల తరబడి చెప్పిన ఫిర్యాదులో అబద్ధం లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో చేసిన 132వ ఒప్పందం ఏడాది సర్వీసుకు కనీస సెలవును మూడు పని వారాలుగా చెబుతుంది. అందులో కొలత వారమే. వారం అనుకుంటే ఎవరి వారం ఎన్ని గంటలో అన్ని గంటలు, లెక్క దానంతట అదే కుదురుతుంది.

మేం పెట్టుకున్న నియమం ఒకటే: పనిచేసిన ప్రతి 49 గంటలకు 3 గంటల సెలవు జమ. ఏడాదిలో 52 వారాలు, మూడు సెలవులో పోతే మిగిలేవి 49. ఆ నిష్పత్తి అక్కడి నుంచి వచ్చింది. 48 గంటల వారం చేసేవాళ్లకు ఏడాదికి 144 గంటలు పడతాయి, 42 గంటల వాళ్లకు 126. ఏడాది మధ్యలో చేరినవాళ్లకు, ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు మారినవాళ్లకు వేరే లెక్కలు అక్కర్లేదు. ఖాతాలో 40 గంటలు ఉన్న మనిషి ఎనిమిది గంటల సెక్షన్‌లో ఉంటే ఐదు డ్యూటీలు వాడుకుంటాడు, పన్నెండు గంటల సెక్షన్‌కు వస్తే మూడు డ్యూటీలు, పైన నాలుగు గంటలు. ఇదివరకు ఇలాంటి బదిలీ జరిగిన ప్రతిసారీ గొడవ అయ్యేది. ఇప్పుడు దాని గురించి అడిగేవాళ్లే లేరు.

అయితే మొదలుపెట్టినప్పుడు పన్నెండు గంటల వాళ్లను ఒప్పించడం తేలిక కాలేదు. 126ను 12తో భాగిస్తే పదిన్నర. "వాళ్లకి పద్దెనిమిది, మాకు పదిన్నరా సార్?" అని నిలదీశారు. అది న్యాయమైన ప్రశ్నే. మాటలతో చెబితే ఎవరూ నమ్మరు. రోస్టర్ గోడకు పెట్టి, దాని మీదే చూపించాను. రెండు ఆఫ్‌లకూ మూడు ఆఫ్‌లకూ మధ్య ఉండే రెండు డ్యూటీలకు సెలవు పెడితే ఏడు రోజులు వరసగా ఇంట్లో ఉండొచ్చు, ఖాతాలోంచి పోయేది 24 గంటలు. అదే ఎనిమిది గంటల మనిషి ఏడు రోజులు ఇంట్లో ఉండాలంటే 48 పోతాయి. పన్నెండు గంటల వాళ్లకు ఐదు డ్యూటీలు పడే వారం కూడా ఉంటుంది, అప్పుడు పోయేది 60. పద్నాలుగు రోజులు మొత్తం తీసుకుంటే వీళ్లకు 84, వాళ్లకు 96. రెండు వైపులా అది రెండు వారాల పనే. ఇదంతా రోస్టర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టుకున్నాకే ఒప్పుకున్నారు. ఈ పద్ధతి పెట్టాలనుకునేవాళ్లు సర్క్యులర్ కంటే ముందు ఈ పని చేయండి. జీతం స్లిప్పులో కూడా గంటల పక్కన "మీ షిఫ్టులో ఇన్ని డ్యూటీలు" అని వేయండి. గంటలు మాత్రమే చూస్తే మనిషికి తన సెలవు ఎంతో తట్టదు.

ఆ 24 గంటల కిటుకు తెలిశాక అందరూ దానికే ఎగబడ్డారు. ఇది ముందే ఊహించాల్సిన విషయం, ఎందుకంటే ఒక బ్యాచ్‌లో అందరి రోస్టరూ ఒకటే. మా బ్యాచ్‌లో ఆరుగురు, మెషిన్ నడవాలంటే ఐదుగురు కావాలి. అంటే ఒక డ్యూటీకి ఒక్కరికే సెలవు. మొత్తంగా చూస్తే ఇబ్బంది లేదు: ఆరుగురి సెలవులు కలిపితే 63 డ్యూటీలు, బ్యాచ్‌కు ఏడాదిలో 180 పైగా డ్యూటీలు. ఏడు రోజులు కలిసొచ్చే ఆ జతలు కూడా ఏడాదికి 52 ఉంటాయి. మనిషికి ఐదు చొప్పున పంచినా సరిపోతాయి, కానీ అందరూ కోరుకునే పండగ తేదీల్లో పడేవి కొన్నే. కాబట్టి పంచే పద్ధతి సరిగ్గా ఉండాలి.

ముందు వచ్చినవాళ్లకు ముందు అనే పద్ధతి షిఫ్టుల దగ్గర పనికిరాదు. ఆఫీసు పగలు తెరిచి ఉంటుంది. పొద్దున బోర్డు పెడితే పగటి డ్యూటీ వాళ్లు మంచి తేదీలన్నీ రాసేసుకుంటారు, రాత్రి పదికి వచ్చినవాడికి మిగిలిందే గతి. సీనియారిటీ పెడితే కొత్తవాళ్లకు ఎప్పటికీ పండగ దొరకదు. మేం ఇప్పుడు ఏడాది మొదట్లో అన్ని బ్యాచ్‌లూ ఒక పూర్తి రొటేషన్ తిరిగేదాకా ఎవరికీ మంజూరు చేయం. ఈలోగా అందరూ తమకు కావలసినవి రాసిస్తారు. తర్వాత ఒక వరస ప్రకారం ఒక్కొక్కరికి ఒక్కో జత చొప్పున రెండు రౌండ్లు ఇస్తాం. నిరుడు మొదట ఎంచుకున్నవాడు ఈసారి చివర. రెండు రౌండ్ల తర్వాత మిగిలినవి ఎవరు ముందు అడిగితే వాళ్లకు. ఈ మార్పు తర్వాతే సెలవుల మీద కోపతాపాలు నిజంగా తగ్గాయి. నన్నడిగితే గంటల లెక్క కంటే ఇదే ఎక్కువ మేలు చేసింది.

పదిన్నరలోని ఆ అర డ్యూటీని వదులుకోమంటే ఎవరూ ఒప్పుకోరు. ఆరు గంటల సెలవు డ్యూటీ మొదట్లో గానీ చివర్లో గానీ పెట్టుకోవచ్చు అన్నాం. ఒకే బ్యాచ్‌లో ఇద్దరు మాట్లాడుకుని ఒకరు మొదటి సగం, ఇంకొకరు రెండో సగం తీసుకుంటే ఆ రోజుకున్న ఒక్క ఖాళీ ఇద్దరికీ సరిపోతుంది. బాగానే నడుస్తోంది.

నైట్ షిఫ్ట్ హాజరు దగ్గర మాత్రం జాగ్రత్త. గంటల లెక్క పెట్టాక హాజరు మెషిన్ చేసే తప్పు నేరుగా సెలవు ఖాతాలో పడుతుంది. 14వ తేదీ రాత్రి 9:52కి పంచ్ చేసి లోపలికి వచ్చినవాడు 15న పొద్దున 6:05కి బయటికి వెళ్తాడు. మెషిన్ తేదీ ప్రకారం జతచేస్తే 14న బయటికి వెళ్లిన పంచ్ లేదంటుంది, 15న వచ్చిన పంచ్ లేదంటుంది, రెండు రోజులూ సగం హాజరు వేస్తుంది. దీనికి చాలామంది చెప్పే మందు ఏమిటంటే, మెషిన్‌లో రోజు మొదలయ్యే సమయాన్ని ఉదయం 6కి మార్చడం. అలా చేస్తే పొద్దున షిఫ్టుకు 5:48కే వచ్చిన బుద్ధిమంతుడి పంచ్ నిన్నటి ఖాతాలోకి పోతుంది! మూడు షిఫ్టులు నడిచే చోట డ్యూటీలో ఎవరూ లేని సమయం అంటూ ఉండదు కాబట్టి ఏ సమయం పెట్టినా ఎవరో ఒకరు నష్టపోతారు. పంచ్‌లను ఆ మనిషి రోస్టర్‌తో జతచేసే సాఫ్ట్‌వేర్ కావాలి, లేదంటే మస్టర్‌లో చేత్తో రాయాలి. డ్యూటీ మొదలైన తేదీకే మొత్తం గంటలు చెందుతాయని పాలసీలో ఒక వాక్యం ఉండాలి. డిసెంబర్ 31 రాత్రి డ్యూటీ పూర్తిగా పాత ఏడాదిదే. ఒకరి ఖాతాలో తప్పు పడిందో లేదో తెలుసుకోవడానికి నేను చూసేది ఒక్కటే: నెలలో సగం హాజర్లు నైట్ చేసినవాళ్లకే ఎక్కువగా పడితే తప్పు మనుషులది కాదు, మెషిన్ సెట్టింగ్‌ది.

ఆలస్యం విషయంలోనూ గంటల లెక్క మమ్మల్ని కొంచెం నిజాయితీగా ఉండేలా చేసింది. పాత పద్ధతిలో 6:01కి వస్తే 6:15 అని, 2:14కి వెళ్తే 2:00 అని వేసేవాళ్లు. రెండు వైపులా పోయేది కార్మికుడికే. ఇప్పుడు ఉన్న నిమిషాలు ఉన్నట్టే. ఇంకో సంగతి. షిఫ్టు పనిలో ఒకడు ఆలస్యమైతే రిలీవర్ కోసం మెషిన్ దగ్గర నిలబడిపోయేది ఇంకొకడు. కాబట్టి రిలీవర్ 20 నిమిషాలు ఆలస్యమైతే, కారణం ఏదైనా సరే, ఆగినవాడికి ఆ 20 నిమిషాల ఓటీ పడుతుంది. ఆలస్యమైనవాడు ముందే ఫోన్ చేశాడా లేదా అన్నదే మేం చూస్తాం. పన్నెండు గంటలు చేసినవాణ్ని గంటకు మించి ఆపకూడదు. ఆలోపు సూపర్‌వైజర్ ఇంకొకరిని తేవాలి, లేదా లైన్ స్పీడ్ తగ్గించాలి. అలసిన మనిషిని మెషిన్ ముందు నిలబెట్టే పాలసీని నేను న్యాయమని ఒప్పుకోను.

జబ్బు సెలవును ఈ ఖాతాలో కలపకండి. కలిపితే పండగ కోసం గంటలు దాచుకోవాలని జ్వరంతోనే డ్యూటీకి వస్తారు.

మాకు ఇంకా పూర్తిగా కుదరనిది పబ్లిక్ హాలిడేల లెక్క. పన్నెండు గంటల బ్యాచ్‌కు హాలిడే కొన్నిసార్లు డ్యూటీ రోజున వస్తుంది, కొన్నిసార్లు ఆఫ్ రోజున. అందుకని ప్రతి హాలిడేకీ వాళ్ల వారంలో ఆరో వంతు, అంటే 7 గంటలు, వేరే ఖాతాలో జమ చేస్తాం. ఆ రోజు వాళ్లకు డ్యూటీ ఉండి, సెలవు ఇస్తే 12 తీసేస్తాం. ఏడాదికి పది హాలిడేలనుకుంటే జమ 70. సగటున ఐదు డ్యూటీ రోజుల్లో పడతాయి, 60 పోతాయి, మిగిలిన పది గంటలు మనిషి సెలవులో కలుస్తాయి. కానీ ఒక్కోసారి ఒక బ్యాచ్‌కు ఏడు పడతాయి. 84 పోవాలి, ఉన్నది 70. తక్కువపడ్డ 14 గంటలను వాళ్ల సెలవులోంచి కోయడం తప్పు, ఆ రోజులు వాళ్లు ఎంచుకున్నవి కావు. కాబట్టి కంపెనీయే భరిస్తోంది. దాంతో ఆ ఏడాది ఒక బ్యాచ్‌కు ఇంకో బ్యాచ్ కంటే 14 గంటలు ఎక్కువ దక్కుతాయి. మిగతా బ్యాచ్‌లు అడిగినప్పుడు లెక్క తీసి చూపిస్తున్నాం. అంతకంటే మంచి పరిష్కారం నాకు ఇంకా దొరకలేదు.

మీ ఫ్యాక్టరీలో షిఫ్టులన్నీ ఒకే నిడివివి, వారానికి పని రోజులు కూడా అందరికీ ఒకటే అయితే, ఈ గంటల లెక్క జోలికి పోకండి, రోజులే చాలు. నైట్ పంచ్‌ల సంగతి, ఎంచుకునే వరస సంగతి మాత్రం మీకూ అవసరమే.