పచ్చడి సీసా మీద ఏ పేరు? నాలుగు రకాల బ్రాండ్ పేర్లలో ఏది మేలు

మా పిన్ని కూతురు సరోజ పోయిన వేసవిలో ఆవకాయ, గోంగూర, కందిపొడి చేసి అమ్మడం మొదలుపెట్టింది. సీసాలు వచ్చేశాయి. లేబుల్ అచ్చుకి ఇచ్చే ముందు కాగితం మీద నాలుగు పేర్లు రాసి ఫోటో పంపింది: గుంటూరు ఘాటు ఆవకాయ, సరోజ గారి పచ్చళ్ళు, పచ్చడో, వసారా. "అక్కా, మొదటిదే బాగుంది కదా? చూడగానే అర్థమైపోతుంది" అంది. ట్రేడ్‌మార్క్ దరఖాస్తులు నింపడం నా పని కాబట్టి నాకు అక్కడే టెన్షన్ పట్టుకుంది. చూడగానే అర్థమైపోయే పేరుకే చట్టంలో కాపుదల అన్నిటికన్నా తక్కువ.

గుంటూరు ఘాటు ఆవకాయ అన్నది సరుకుని వర్ణించే పేరు. కొత్త వ్యాపారికి ఇందులో ఉన్న సుఖం నిజమే. ప్రచారం ఖర్చు లేదు, కొనేవాళ్ళకి ఏమిటని చెప్పక్కర్లేదు. కానీ 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం సరుకు రకం, గుణం, పుట్టిన చోటు చెప్పే మాటల్ని ఒక్కరికే రాసివ్వరు. తెలుగు మాటైనా అంతే. ఘాటు అంటే ఏమిటో దరఖాస్తు పరిశీలించే ఎగ్జామినర్‌కి తెలియకపోయినా అర్థం వెతుక్కుని అభ్యంతరం రాస్తారు. ఆ రిపోర్టు అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. ఏళ్ళ తరబడి వాడాం, ఆ మాట వింటే జనానికి మా సరుకే గుర్తొస్తుంది అని బిల్లులు, ప్రకటనల ఖర్చులు చూపించి నిరూపిస్తేనే దారి తెరుచుకుంటుంది. రెండు నెలల వ్యాపారానికి ఆ కాగితాలు ఎక్కడివి? ఇంకో చిక్కు, గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు ఉంది. మిర్చి ఇంకో చోట కొని ఆ ఊరి పేరు పెడితే జనాన్ని తప్పుదారి పట్టించినట్టవుతుంది.

పెద్ద కంపెనీలకీ ఇక్కడ కాలు జారింది. షుగర్ ఫ్రీ పేరుతో తీపి గుళికలు అమ్మే కంపెనీ, అదే మాటని అమూల్ తన ఐస్‌క్రీమ్ లాంటి డెజర్ట్ మీద వేసిందని ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. చక్కెర లేదని చెప్పడానికి ఆ మాట ఎవరైనా వాడుకోవచ్చని 2009లో హైకోర్టు తేల్చింది. మరీ కొట్టొచ్చినట్టు కనపడేలా వాడకుండా మాత్రం కట్టడి చేసింది. బాగా పేరున్న సరుకు, బోలెడంత ప్రచారం ఉన్నా ఆ పేరు చుట్టూ పూర్తిగా కంచె వేసుకోలేకపోయారు.

పచ్చడో ఆమెకి బాగా నచ్చింది, ఎందుకంటే అది తను కనిపెట్టిన మాట. నిజంగా కనిపెట్టిన మాటైతే దాని బలమే వేరు. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ ఏ భాషలోనూ అర్థం లేని కొడాక్ అన్న మాటని రిజిస్టర్ చేశాడు. అలాంటి మాట ఇంకొకరు వాడితే యాదృచ్ఛికం అని చెప్పుకోవడం కష్టం. కానీ మామూలు మాటకి తోక తగిలించినంత మాత్రాన కొత్త మాట అయిపోదు. వంటనూనె మీద లోసార్బ్ అన్న పేరు గురించి 2010లో ఢిల్లీ హైకోర్టు ఇదే చెప్పింది: తక్కువ నూనె పీల్చుకుంటుందని చెప్పే రెండు ఇంగ్లీషు మాటల్ని అతికిస్తే అది వర్ణనే. పచ్చడోలో పచ్చడి అలాగే కనపడుతోంది కదా, అదే గొడవ ఇక్కడా వస్తుంది. అసలు అర్థమే లేని పేరు పెడితే అది ఆవకాయ అని కొనేవాళ్ళకి ఎక్కించడానికి డబ్బు, కాలం రెండూ కావాలి. బాగా పాతుకుపోయాక ఇంకో ప్రమాదం ఉంటుంది, ఆ పేరే సరుకుకి పేరైపోవడం. డాల్డా ఒక బ్రాండే అయినా మన వంటిళ్ళలో ఏ వనస్పతి అయినా డాల్డానే. అమెరికాలో ఎస్కలేటర్ అన్న మాట మీద ఓటిస్ కంపెనీ 1950లో హక్కు పోగొట్టుకుంది. సరోజకి ఆ భయం ఇప్పుడప్పుడే లేదు.

సరోజ గారి పచ్చళ్ళు అంటే నాకు మొదట మనసు మెత్తబడింది. తిండి విషయంలో మనిషి పేరు చూస్తే నమ్మకం కలుగుతుంది, ఎవరో చేత్తో కలిపినట్టు అనిపిస్తుంది. వ్యక్తి పేరుకి కూడా కాలంతో బలం వస్తుంది. హైదరాబాద్‌లో 1984లో పుట్టిన డాక్టర్ రెడ్డీస్, రెడ్డి ఫార్మాస్యూటికల్స్ అన్న పేరు మీద కోర్టుకి వెళ్ళింది. రెడ్డి మనవైపు ఇంటింటా ఉండే పేరు. అయినా మందుల వ్యాపారంలో ఆ పేరు తమ గుర్తుగా స్థిరపడిందన్న వాదననే 2004లో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకుంది. ఆ బలం ఇరవై ఏళ్ళు సరుకు అమ్మాక వచ్చింది. ఇంకో పక్క సెక్షన్ 35 ఉంది. మోసం చేసే ఉద్దేశం లేకుండా తన సొంత పేరు పెట్టుకున్న మనిషిని ఆపలేరు. నగల వ్యాపారం చేసే ఒకే కుటుంబంలో రాక్యాన్ అన్న ఇంటిపేరు మీద వచ్చిన తగాదాలో సుప్రీంకోర్టు 2014లో సొంత పేరు వాడుకునే వాళ్ళ వైపే నిలబడింది. రేపు మా సరోజ, వాళ్ళ ఆడపడుచు వేరుపడితే ఏమవుతుంది? ఇంకో ఊళ్ళో ఇంకో సరోజ నిజాయితీగా పచ్చళ్ళు పెడితే ఏమవుతుంది? పదేళ్ళ తర్వాత వ్యాపారం అమ్మేస్తే తన పేరు కూడా అమ్ముకోవాల్సి వస్తుంది. ఈ మాట అన్నప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

ఇక వసారా. పచ్చడితో నేరుగా సంబంధం లేదు. కానీ కత్తిపీటతో కాయ కొట్టి, చాప మీద ఆరబెట్టి, జాడీల్లోకి ఎత్తే చోటు అదే. చెవిన పడగానే బొమ్మ కడుతుంది, సరుకుని మాత్రం వర్ణించదు. ఇలాంటి పేర్లలో చూసుకోవాల్సింది ఆ మాట సరుకుకి ఎంత దూరంలో ఉందన్నది. జాడీ అని పెట్టి ఉంటే అది పచ్చడి పాత్రే కాబట్టి అభ్యంతరం రావచ్చు. అదే మాట బీమా కంపెనీకి పెడితే గట్టిగా నిలబడుతుంది. దేవుళ్ళ, పురాణాల పేర్ల జోలికి వెళితే ఇంకోలా ఉంటుంది. రామాయణ్ అన్న పేరు అగరబత్తీలకి ఒక్కరికే ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి నందిని పేరు వాడుతోంది, బెంగళూరు హోటల్ నందిని డీలక్స్ 1989లో వచ్చింది. పాలవాళ్ళు అడ్డుచెప్పినా సుప్రీంకోర్టు 2018లో హోటల్‌కి రిజిస్ట్రేషన్ ఇమ్మంది. నందిని పురాణాల్లోని కామధేనువు సంబంధం ఉన్న మాటే కానీ ఎవరూ కల్పించింది కాదు, పైగా సరుకులు వేరు అన్నది అందుకు కారణం.

చిన్న తిండి వ్యాపారానికి నేను ఓటు వేసేది వసారా లాంటి పేరుకే. అర్థం కాదేమో అన్న భయానికి మందు లేబుల్ మీదే ఉంది: వసారా అని పెద్దగా వేసి, కింద చిన్నగా గుంటూరు మిర్చితో ఆవకాయ అని రాస్తే చాలు. నిజంగా గుంటూరు మిర్చే వేస్తే ఆ కింది మాట ఎవరైనా వాడుకోవచ్చు, పైది ఒక్కరిది.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని రిజిస్ట్రీ సైట్‌లో వెతికాం. అచ్చంగా అదే పేరే కాదు, ఉచ్చారణ దగ్గరగా ఉండే వసార, వాసారా, వసరా అన్నీ చూశాం. రిజిస్ట్రీ సరుకుల వర్గీకరణలో పచ్చళ్ళు క్లాస్ 29, పొడులు క్లాస్ 30, కాబట్టి ఆన్‌లైన్‌లో ఒక్కోదానికి 4,500 రూపాయల ఫీజు. చిన్న వ్యాపారికి ఆ ధర, పెద్ద కంపెనీకైతే రెట్టింపు. మర్నాడు లేబుల్ అచ్చుకి వెళ్ళింది. నేను మాత్రం మొదటి బిల్లు నుంచీ పైన వసారా అని, తేదీతో సహా రాయించాను. ఎప్పుడైనా ఎవరైనా ముందు వాడింది ఎవరని అడిగితే ఆ బిల్లులే మాట్లాడాలి.