మొదట ఏ మందు, ఎంత? అనాఫిలాక్సిస్, స్టేటస్, డీకేఏ జవాబుల్లో ఏది మేలు?

జూనియర్లు రాసిన ప్రాక్టీసు పేపర్లు దిద్దుతుంటే ఒక వాక్యం పదే పదే ఎదురవుతుంది: “ఎయిర్‌వే, బ్రీతింగ్, సర్క్యులేషన్ చూసి, ఆక్సిజన్ పెట్టి, రెండు ఐవీ లైన్లు వేసి, మానిటర్ తగిలించి...” ప్రశ్న అనాఫిలాక్సిస్ అయినా, ఫిట్స్ అయినా, డీకేఏ అయినా ఇదే ఆరంభం. తప్పేం కాదు. కానీ ఈ మూడింటిలో మొదటి పది నిమిషాలు ఒకేలా గడవవు. అనాఫిలాక్సిస్‌లో ఐవీ లైన్ కోసం ఆగకూడదు. స్టేటస్‌లో లైన్ ఉందా లేదా అన్నదాన్నిబట్టి మందే మారిపోతుంది. డీకేఏలో లైన్ చక్కగా ఉన్నా ఇన్సులిన్‌ని చేతిలో పట్టుకుని ఆగాల్సి రావచ్చు. పేపరు దిద్దేవాళ్లు వెతికేది ఈ తేడానే. లెక్క తేలిక కావడానికి మూడు కేసుల్లోనూ పేషెంటు 60 కిలోల పెద్దవయసు మనిషి అనుకుందాం. చిన్నపిల్లల డోసులు వేరే సంగతి.

అడ్రినలిన్: తొడ కండలోనా, చర్మం కిందా, నరంలోకా?

సెఫ్ట్రియాక్సోన్ వేసిన ఐదు నిమిషాలకు ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బొంగురు, బీపీ 70/40. ఇక్కడ జవాబులో మొదటి మందు అడ్రినలిన్ 0.5 మి.గ్రా., తొడ బయటివైపు మధ్యభాగంలో, కండలోకి. మన దగ్గర దొరికే ఆంప్యూల్ 1 మి.లీ.లో 1 మి.గ్రా. కాబట్టి సగం ఆంప్యూల్. “1:1000, 0.5 మి.లీ., ఐఎం, తొడ” అని నాలుగూ రాయాలి. ఉత్త “అడ్రినలిన్ ఇవ్వాలి” అంటే సగం జవాబే.

చర్మం కింద ఎందుకు వద్దు? షాక్‌లో చర్మానికి రక్తం సరిగా అందదు, మందు అక్కడే ఉండిపోతుంది. 1998లో పిల్లల మీద చేసిన ఒక చిన్న అధ్యయనంలో తొడ కండలో ఇస్తే రక్తంలో మందు గరిష్ఠ స్థాయికి సగటున 8 నిమిషాల్లో చేరింది, చర్మం కింద ఇస్తే 34 నిమిషాలు పట్టింది. బీపీ 70 ఉన్న మనిషికి ఆ 26 నిమిషాలు లేవు.

నరంలోకి ఎందుకు వద్దు? గుండె ఆగినప్పుడు ఇచ్చే 1 మి.గ్రా. డోసు చాలామందికి నోటికి వచ్చేసి ఉంటుంది. గుండె కొట్టుకుంటున్న మనిషికి అదే డోసు నరంలోకి తోస్తే గుండె లయ తప్పుతుంది, బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. అందుకే మొదటి చర్యగా ఐవీ రాయకండి. 5 నిమిషాల తర్వాత మెరుగు లేకపోతే మళ్లీ తొడలోనే 0.5 మి.గ్రా. రెండు డోసులకీ లొంగకపోతే అప్పుడు ఇన్‌ఫ్యూజన్: 100 మి.లీ. సెలైన్‌లో 1 మి.గ్రా. కలిపి గంటకు కిలోకు 0.5 నుంచి 1 మి.లీ. చొప్పున. మన పేషెంటుకి గంటకు 30–60 మి.లీ. ఇది మానిటర్ పెట్టి, అనుభవం ఉన్నవాళ్లే నడపాలి.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు నా చెయ్యి కూడా ముందు ఏవిల్ మీదకే వెళ్లేది, తర్వాత హైడ్రోకార్టిసోన్. వార్డులో అందరూ అదే చేసేవాళ్లు. యాంటీహిస్టమిన్ దురదని తగ్గిస్తుంది, వాచిన గొంతునీ పడిపోయిన బీపీనీ పట్టించుకోదు. స్టెరాయిడ్ పని మొదలుపెట్టేసరికి గంటలు గడుస్తాయి. యూకే రీససిటేషన్ కౌన్సిల్ 2021 మార్గదర్శకాల్లో అనాఫిలాక్సిస్ తొలి చికిత్సలోంచి ఈ రెంటినీ తీసేసింది. జవాబులో రాయాలనుకుంటే చివర్లో, “అడ్రినలిన్‌ని ఆలస్యం చేయకుండా” అన్న మాటతో రాయండి. ఇంకొకటి, డోసు కాకపోయినా మార్కు తెచ్చేది: పేషెంటుని పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి, లేపి నడిపించకూడదు. ఊపిరాడక ఇబ్బంది పడుతుంటే కూర్చోనివ్వవచ్చు. 500 నుంచి 1000 మి.లీ. సెలైన్ వేగంగా ఎక్కించడం దీని వెనకే వస్తుంది.

ఫిట్స్ ఆగడం లేదు: లోరాజెపామా, మిడజోలామా?

5 నిమిషాలు దాటి ఆగని ఫిట్స్‌ని స్టేటస్‌గానే చూడాలి. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, వెంటనే జీఆర్‌బీఎస్ చూడండి. చక్కెర 40 ఉన్న మనిషికి ఎన్ని మందులు వేసినా లాభం లేదు. తక్కువుంటే 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మి.లీ. తాగుడు అలవాటున్నా, తిండి సరిగా లేకపోయినా దానితోపాటు థయమిన్ 100 మి.గ్రా.

ఇప్పుడు అసలు ఎంపిక. లైన్ ఉంటే ఐవీ లోరాజెపామ్ కిలోకు 0.1 మి.గ్రా. 60 కిలోలకి లెక్క 6 వస్తుంది, కానీ ఒక డోసుకి గరిష్ఠం 4 మి.గ్రా. కాబట్టి 4. ఆగకపోతే ఇంకొక్కసారి ఇవ్వవచ్చు. లైన్ లేకపోతే మిడజోలామ్ 10 మి.గ్రా. కండలోకి, ఒక్కసారే. ఇది 40 కిలోలు దాటినవాళ్ల డోసు.

ఏది మేలు అన్నదానికి 2012లో వచ్చిన రాంపార్ట్ ట్రయల్ మంచి ఆధారం. అంబులెన్స్‌లో ఈ రెండు మందుల్నీ పోల్చారు. లోరాజెపామ్ లోపలికి వెళ్లాక 1.6 నిమిషాల్లో ఫిట్స్ ఆపింది, మిడజోలామ్‌కి 3.3 నిమిషాలు పట్టింది. అక్కడితో ఆగితే లోరాజెపామే గెలిచినట్టు. కానీ కొట్టుకుంటున్న చేతికి లైన్ వేసి మందు ఇచ్చేసరికి 4.8 నిమిషాలు, కండలో పొడవడానికి 1.2 నిమిషాలే. ఆసుపత్రికి చేరేసరికి ఫిట్స్ ఆగినవాళ్లు మిడజోలామ్ వైపు 73 శాతం, లోరాజెపామ్ వైపు 63 శాతం. అంటే లైన్ అప్పటికే ఉంటే లోరాజెపామ్, లేకపోతే నరం వెతుకుతూ కూర్చోకుండా మిడజోలామ్.

చిన్న పితలాటకం ఒకటుంది. మన ఎమర్జెన్సీ ట్రేలో మిల్లీలీటరుకు 1 మి.గ్రా. ఉండే మిడజోలామ్ వయల్ ఉంటే, దానితో 10 మి.గ్రా. అంటే 10 మి.లీ. అవుతుంది. ఒక కండలోకి అంత ఎక్కదు. మిల్లీలీటరుకు 5 మి.గ్రా. ఉన్నదైతే 2 మి.లీ.తో సరిపోతుంది. వైవాలో ఈ ముక్క చెప్పినవాడు పని చేసి వచ్చినట్టు తెలిసిపోతుంది.

పేపర్లలో ఎక్కువగా పోయేవి తక్కువ డోసు మార్కులే. ఊపిరి ఆగిపోతుందన్న టెన్షన్‌తో “లోరాజెపామ్ 2 మి.గ్రా.” అని రాస్తారు. చాలని డోసు వల్ల ఫిట్స్ సాగిపోతాయి, సాగేకొద్దీ ఈ రకం మందులకి లొంగడం తగ్గుతుంది, ఊపిరి దెబ్బతినేదీ అప్పుడే. రెండో దశలోనూ ఇదే తంతు: “లెవెటిరాసెటమ్ 1 గ్రాము” అని అలవాటుగా రాసేస్తారు. 2019లో వచ్చిన ఎసెట్ ట్రయల్‌లో వాడింది కిలోకు 60 మి.గ్రా. (గరిష్ఠం 4500). మన పేషెంటుకి 3600 మి.గ్రా., 10 నిమిషాల్లో. 500 మి.గ్రా. వయల్స్ ఏడు దాటుతాయి. అదే ట్రయల్‌లో వాల్‌ప్రోయేట్ కిలోకు 40 మి.గ్రా., ఫాస్‌ఫెనిటాయిన్ కిలోకు 20 మి.గ్రా. ఫెనిటాయిన్‌కి సమానమైన డోసు. మూడూ ఇంచుమించు సగం మందిలోనే పనిచేశాయి. కాబట్టి ఏది రాసినా పర్లేదు, డోసు పూర్తిగా రాయండి. గర్భిణికి వాల్‌ప్రోయేట్ వద్దు. ఆవిడకి ఎక్లాంప్సియా అనిపిస్తే జవాబే వేరు, అక్కడ మొదటి మందు మెగ్నీషియం సల్ఫేట్.

డీకేఏ: ఇన్సులిన్ ముందా, పొటాషియం ముందా?

పై రెంటిలో తొందరే మందు. ఇక్కడ తొందరపడితే ప్రాణం మీదకి వస్తుంది. టైప్ 1 షుగర్ ఉన్న మనిషి, రెండు రోజులుగా వాంతులు. చక్కెర 480, పీహెచ్ 7.08, బైకార్బొనేట్ 8, మూత్రంలో కీటోన్లు 3 ప్లస్, బీపీ 100/60, పొటాషియం 2.9.

చాలా పేపర్లలో మొదటి గీత “ఇన్సులిన్ గంటకు కిలోకు 0.1 యూనిట్”. అంకె సరైనదే, చోటే తప్పు. డీకేఏలో ఒంట్లో పొటాషియం లోటు కిలోకు 3 నుంచి 5 మిల్లీమోల్స్ దాకా ఉంటుంది, ఈ మనిషికి 180 నుంచి 300. ఇన్సులిన్ లేకపోవడం వల్ల, ఆమ్లం పెరగడం వల్ల కణాల్లోని పొటాషియం రక్తంలోకి వచ్చి లోటుని కప్పిపెడుతుంది. అలా కప్పినా కూడా 2.9 వచ్చిందంటే లోపల ఖజానా ఎంత ఖాళీయో ఊహించండి. ఇప్పుడు ఇన్సులిన్ ఇస్తే రక్తంలో మిగిలిన ఆ కాస్తా కణాల్లోకి వెళ్లిపోతుంది, గుండె లయ తప్పుతుంది.

అందుకే వరుస ఇలా ఉండాలి. మొదటి గంటలో 0.9 శాతం సెలైన్ ఒక లీటరు. మూత్రం వస్తోందని చూసుకుని, ఈసీజీ మానిటర్ మీద ఉంచి, ఆ లీటరులోనే 15 శాతం పొటాషియం క్లోరైడ్ 10 మి.లీ. ఆంప్యూల్ ఒకటి కలపండి. ఒక ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి కాబట్టి గంటకు 20 వెళ్తుంది. దాన్ని ఎప్పుడూ నేరుగా నరంలోకి తోయకూడదు, ఈ వాక్యం జవాబులో ఉండాలి. గంట తర్వాత పొటాషియం 3.2 వచ్చిందనుకుందాం: ఇన్సులిన్ ఇంకా వద్దు, పొటాషియం అదే వేగంతో. రెండో గంటకి 3.6: ఇప్పుడు ఇన్సులిన్ మొదలు, పొటాషియం 4–5 మధ్య నిలిచేలా తర్వాతి సెలైన్లలోనూ కలుపుతూ.

గీత ఎక్కడ అన్నదాంట్లో తేడా ఉంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2009 పత్రంలో 3.3, 2024 ఏకాభిప్రాయ పత్రంలో 3.5. నేనైతే 3.5 రాసి పక్కన సంవత్సరం వేస్తాను. రెండూ కలిపి “3.3–3.5” అని రాస్తే, పొటాషియం 3.4 ఉంటే ఏం చేస్తావని వైవాలో పట్టుకుంటారు.

ఇన్సులిన్ ఎలా కలపాలో కూడా రాయండి: 50 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్, సెలైన్‌తో మొత్తం 50 మి.లీ. అప్పుడు ఒక మి.లీ.కి ఒక యూనిట్, పంప్ మీద గంటకు 6 మి.లీ. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్స్, 100 యూనిట్లవి రెండూ తిరుగుతుంటాయి. 40 వయల్ నుంచి 50 యూనిట్లంటే 1.25 మి.లీ. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. నారింజ సిరంజితో 40 వయల్ నుంచి “50” గీత దాకా లాగితే వచ్చేది అర మి.లీ., అంటే 20 యూనిట్లే. చక్కెర ఎందుకు దిగడం లేదని నైట్ డ్యూటీలో తలపట్టుకున్నప్పుడు ముందు చూడాల్సింది ఈ సిరంజినే.

బైకార్బొనేట్‌ ఈ కేసులో వద్దు, పీహెచ్ 7.0 కంటే దిగితేనే ఆలోచన.

ఇక చక్కెర 250 కిందకి వచ్చినప్పుడు ఇన్సులిన్ ఆపేయడం మేలా, డెక్స్‌ట్రోజ్ కలపడం మేలా? ఆపేస్తే చక్కెర బాగుంటుంది గానీ కీటోన్లు మళ్లీ పుడతాయి, ఆమ్లం దిగదు. 5 శాతం డెక్స్‌ట్రోజ్ జోడించి, ఇన్సులిన్‌ని గంటకు కిలోకు 0.05 యూనిట్‌కి తగ్గించి, అంటే ఈ మనిషికి పంప్ మీద 3 మి.లీ.కి దించి, కీటోన్లు తగ్గేదాకా నడపాలి. చర్మం కింద ఇచ్చే ఇన్సులిన్ మొదలుపెట్టాక కూడా పంప్‌ని ఒకటి రెండు గంటలు అలాగే ఉంచి, ఆ తర్వాతే తీయాలి.