మట్టి అత్తరులో నన్ను కట్టిపడేసింది గంధమే

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పట్టణపు మట్టి అత్తరు గురించి ఎవరు రాసినా తొలకరి వాసన దగ్గరే ఆగిపోతారు. ఆ వాసన నిజమే, మొదటి గంటలో మనసు దోచుకునేదీ అదే. కానీ ఏళ్ల తరబడి వాడుతూ వచ్చాక నాకు దానికంటే గొప్పగా అనిపిస్తున్నది దాని అడుగున ఉన్న గంధపు నూనె. ఉదయం మణికట్టుకు రాసుకున్న చుక్క మధ్యాహ్నానికి మట్టిలా ఉండదు, గంధంలానూ ఉండదు. సాన మీద అరగదీసిన గంధపు తడి ఆరుతున్నప్పుడు వచ్చే చల్లని వాసనకు ఎక్కడో దూరంగా పడుతున్న వాన తోడైనట్టు ఉంటుంది. రాత్రి పడుకునే వేళకు మట్టి పోయి, మెత్తటి గంధం ఒక్కటే చర్మం మీద మిగులుతుంది. ఈ మూడు దశల నడక కోసమే నేను దీన్ని వదలకుండా వాడుతున్నాను.

ఇలా ఎందుకు నడుస్తుందో కన్నౌజ్‌లో బట్టీ దగ్గర నిలబడి చూశాక అర్థమైంది. గులాబీలో దాని సొంత నూనె ఉంటుంది కాబట్టి గంధం లేకుండా కూడా రూహ్ గులాబ్ అనే అచ్చమైన గులాబీ నూనె తీస్తారు. మట్టికి ఆ సౌకర్యం లేదు. కాల్చిన మట్టి బిళ్లలను రాగి డేగ్‌లో నీళ్లతో మరిగిస్తే ఆవిరితో పాటు వచ్చే పరిమళం విడిగా తీసి సీసాలో పోయడానికి చాలనంత స్వల్పం. దాన్ని పట్టుకునేందుకు మరో నూనె కావాలి. అందుకే డేగ్ మూతను మట్టి, దూది కలిపి మూసేసి, పురికొస చుట్టిన వెదురు గొట్టంతో ఆవిరిని భప్కాలోకి పంపుతారు. నీటి తొట్టిలో కూర్చున్న ఆ రాగి పాత్రలో ముందే గంధపు నూనె పోసి ఉంచుతారు. చల్లబడిన ఆవిరి నీరుగా మారి నూనెలోకి దిగుతుంది, పరిమళం నూనెలో నిలిచిపోతుంది. ఎండిన మట్టి వాసన మీద 1964లో నేచర్ పత్రికలో రాసిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బేర్, థామస్ కూడా ఉత్తరప్రదేశ్‌లో ఈ వాసనను గంధపు నూనెలోకి పట్టే సంగతి ప్రస్తావించారు.

అక్కడ ఉష్ణమాపకం ఏదీ కనిపించలేదు. బట్టీ చూసుకునే పెద్దాయన మాటిమాటికీ తొట్టిలో చెయ్యి పెట్టి భప్కా ఒంటిని తడిమి చూస్తున్నాడు. అది వెచ్చబడిందంటే ఆవిరి సరిగా చల్లారడం లేదన్నమాట, పరిమళం కీళ్ల గుండా జారిపోతుంది. వెంటనే పిడకలు వెనక్కి లాగి, డేగ్ మీద తడిగుడ్డ వేసి ఆవిరి ఆపి, ఇంకో భప్కా తగిలించాడు. దింపిన దాన్ని రాత్రంతా కదపకుండా వదిలేస్తారు. గంధపు నూనె నీటికంటే కొద్దిగా మాత్రమే తేలిక కాబట్టి అది పైకి తేలడానికి అంత సమయం పడుతుంది. తెల్లవారాక అడుగున ఉన్న బెజ్జం తెరిచి నీటిని వంపి, పారబోయకుండా మళ్లీ డేగ్‌లోనే పోస్తారు, ఆ నీటిలోనూ వాసన ఉంటుంది కనుక. కొత్త బిళ్లలు, అదే నూనె. నూనె ఇక చాలనేంతవరకు రోజుల తరబడి ఇదే పని. చివరికి తోలు కుప్పెలో పోసి ఉంచితే మిగిలిన తేమ తోలు గుండా బయటికి పోతుంది.

నేను వాడే కన్నౌజ్ సీసా అడుగంటుతున్నప్పుడు మా ఊళ్లోనే ఒక దుకాణంలో ఇంకొకటి కొన్నాను. అదే కన్నౌజ్ సరుకని అమ్మినాయన గట్టిగా చెప్పాడు, ధర మాత్రం చాలా తక్కువ. మూత తీయగానే గది నిండా వాన కురిసినట్టయింది. పాతదానికంటే రెట్టింపు బలం. రెండు గంటలు గడిచేసరికి మణికట్టు మీద జిడ్డు తప్ప ఏమీ లేదు. కాలరు మీద పడ్డ చుక్క గుండ్రని మరకగా ఉండిపోయింది, ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఆ మొదటి వాసనను మళ్లీ శ్రద్ధగా చూస్తే అందులో బీట్‌రూట్ గడ్డలు కడిగిన నేలలాంటి ఘాటు తగిలింది. జియోస్మిన్ అనే పదార్థం తీరు అది. తడి మట్టికి ఆ వాసన తెచ్చేది అదే, ఇప్పుడు కృత్రిమంగానూ తయారవుతోంది. మన ముక్కు దాన్ని అతి స్వల్ప మోతాదులోనే పసిగడుతుంది కాబట్టి కాస్త కలిపినా సీసా గుప్పుమంటుంది.

పరిమళాలు కలిపే మిత్రుడి దగ్గర ఆల్కహాల్ ఉంటే రెండింటినీ పరీక్షించాం. చిన్న గాజు గొట్టాల్లో ఆల్కహాల్ పోసి, ఒక్కో దానిలో కొన్ని చుక్కలు వేసి ఊపాం. కన్నౌజ్‌ది ఇట్టే కరిగి తేటగా నిలిచింది. కొత్తది పాలలా తెల్లబడి, కాసేపటికి పూసల్లా అడుగుకు చేరింది. అది లిక్విడ్ పారఫిన్ అనే ఖనిజ నూనె పని, ఆల్కహాల్‌లో అది కరగదు. అయితే ఈ పరీక్ష సగమే పట్టిస్తుందని ఆ మిత్రుడే చెప్పాడు. గంధానికి బదులు థాలేట్లనే కృత్రిమ నూనెలు వాడితే అవి చక్కగా కరిగిపోతాయి, గొట్టంలో తేడా తెలియదు. అప్పుడు కాగితం మీద చుక్క వేసి, మర్నాడు సాయంత్రం వాసన చూడడమే మార్గం. గంధమైతే ఇంకా పలుకుతూ ఉంటుంది. పారఫిన్‌కూ థాలేట్‌కూ సొంత గొంతు లేదు, పైన వేసిన వాసన ఎగిరిపోతే అంతటితో సరి.

గంధపు నూనెలోని ముఖ్య పదార్థం శాంటలాల్ మరిగేది 300 డిగ్రీలకు దగ్గరగా. ఆల్కహాల్ మరిగేది 78 దగ్గర. స్ప్రే కొట్టగానే ఆల్కహాల్ నిమిషంలో లేచిపోతూ తేలికైన వాసనలను తనతో గాలిలోకి ఎత్తుతుంది, అందుకే పెర్ఫ్యూమ్ మన కంటే ముందు గదిలోకి వెళ్తుంది. గంధం చర్మపు వేడికి కొద్దికొద్దిగా వదులుతూ పక్కవాటినీ పట్టి ఉంచుతుంది.

పైన అంత మెచ్చుకున్నాను కానీ, ఆ మూడు దశలూ నాకు వానాకాలంలోనూ చలికాలంలోనూ స్పష్టంగా దొరుకుతాయి. మే నెల ఎండలో చెమట పడితే మట్టి దశ అరగంటకే ముగిసి మిగిలిన రోజంతా గంధమే. ఏసీ గదిలో అయితే పక్క కుర్చీ మనిషికి కూడా తెలియదు. తెల్ల చొక్కా మీద లేత పసుపు మచ్చ అసలు అత్తరు వల్ల కూడా పడుతుంది. అందుకే దుస్తులకు పూయడం మానేసి, చెవి మడతలో దూది పెట్టుకుంటున్నాను. ఇన్నేళ్లకు నా పాత సీసాలో మట్టి సన్నబడి గంధం చిక్కబడింది. నాకది ఇష్టమే. వాన కోసమే కొన్నవారికి లోటుగా తోచవచ్చు.

నేను ఎక్కువగా ఇంటి నుంచే పనిచేస్తాను, ఘాటైన స్ప్రేలు నా తలకు పడవు, కాబట్టి నాకిది సరిపోయింది. పెళ్లిళ్లలో, సభల్లో పదిమందికి తెలియాలనుకునేవారికి మంచి ఆల్కహాల్ పెర్ఫ్యూమే నయం. మట్టి వాసన మీద మోజు మాత్రమే ఉంటే కృత్రిమ సీసా కూడా చెడ్డదేమీ కాదు, దాని పేరుతో దాని ధరకు అమ్మితే. గంధం పునాది కావాలంటే మాత్రం చిన్న సీసాయే కొని, చుక్క రాసుకుని, మర్నాటి వరకు ఆగి, ఆ తర్వాతే పెద్దదానికి డబ్బు పెట్టండి.