ఫ్యాన్ బేరింగ్ పాడవుతోందని ముందే చెప్పేది ఏది: వైబ్రేషనా, టెంపరేచరా? ఏది మేలు?

నల్లగొండ, కడప, తాడిపత్రి వైపు సిమెంటు ప్లాంట్లలో మెయింటెనెన్స్ చేసేవాళ్లకు ఈ వాదన కొత్తేం కాదు. కంట్రోల్ రూమ్‌లో కూర్చునేవాళ్లు బేరింగ్ టెంపరేచర్‌నే నమ్ముతారు, ఎందుకంటే స్క్రీన్ మీద రోజంతా కనిపించేది అదే. మెకానికల్ వాళ్లు చేతి మీటరు పట్టుకుని వైబ్రేషన్ చూసి వస్తారు. ఇద్దరి దగ్గరా ట్రెండ్ ఉంటుంది. కానీ ఆ రెండు ట్రెండ్లూ ఒకే విషయం చెప్పవు, అసలు సమస్య అక్కడే.

ఒక్క మెషిన్ తీసుకుని మాట్లాడుకుందాం. 250 కిలోవాట్ల మోటారుతో 990 ఆర్‌పీఎం తిరిగే కూలర్ వెంట్ ఫ్యాన్, కాంక్రీటు పునాది, రెండు వైపులా గ్రీజుతో నడిచే స్ఫెరికల్ రోలర్ బేరింగ్‌లు. ఇది ఆగితే చివరికి కిల్న్ కూడా ఆపుకోవాల్సి వస్తుంది, కాబట్టి బేరింగ్ ఎప్పుడు మార్చాలో మనమే నిర్ణయించుకోవాలి, బేరింగ్ నిర్ణయించకూడదు.

దీని ఒక వైపు బేరింగ్ బయటి రింగులో చిన్న పెచ్చు లేవడం మొదలైందనుకోండి. కింది అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే, కానీ ఇలాంటి బేరింగ్ పాడయ్యే వరస మాత్రం మామూలుగా ఇలాగే ఉంటుంది. పట్టికలో ఎన్వలప్ అంటే పై ఫ్రీక్వెన్సీల వైబ్రేషన్‌ని వేరుగా తీసి చూపే రీడింగ్, దాని సంగతి కింద చెప్తాను.

| వారం | వైబ్రేషన్ వేగం (మి.మీ/సె) | ఎన్వలప్ (జీ) | బేరింగ్ టెంపరేచర్ | బయటి గాలి కంటే ఎంత ఎక్కువ |
|---|---|---|---|---|
| 1 | 1.9 | 0.5 | 58° | 26° |
| 4 | 1.9 | 1.1 | 60° | 26° |
| 7 | 2.3 | 2.2 | 62° | 26° |
| 9 | 3.1 | 3.4 | 65° | 28° |

టెంపరేచర్ గడి చూడండి. 58 నుంచి 65కి వచ్చింది, కంట్రోల్ రూమ్‌లో ఎవరికీ టెన్షన్ ఉండదు, ఎందుకంటే ఎండాకాలం మొదలవుతోంది, అలారం ఇంకా చాలా దూరంలో ఉంది. బయటి గాలి వేడి తీసేస్తే తొమ్మిది వారాల్లో నిజంగా పెరిగింది రెండు డిగ్రీలే. మామూలు రీడింగ్‌లో అది ఉన్నట్టు కూడా తెలియదు. పెచ్చు లేచిన చోట పుట్టే వేడి మొదట్లో చాలా తక్కువ, దాన్ని అంత పెద్ద ఇనుప హౌసింగ్ సులభంగా బయటికి వదిలేస్తుంది. రోలర్ బేరింగ్‌లో టెంపరేచర్ గట్టిగా ఎగబాకిందంటే అప్పటికే లోపల కేజ్ దెబ్బతినో, గ్రీజు కాలిపోయో ఉంటుంది. అక్కడి నుంచి మనకు మిగిలేది గంటలు, అదృష్టం బాగుంటే కొద్ది రోజులు. ఆ టైమ్‌లో మెషిన్‌ని ట్రిప్ చేసి షాఫ్ట్‌ని కాపాడుకోవచ్చు, అంతే. ప్లాన్ చేసుకోవడానికి అది చాలదు.

ఇక వైబ్రేషన్. ఇక్కడ చాలామంది చూసేది మి.మీ/సె అనే ఒక్క అంకె. ఐఎస్‌ఓ 20816-3 లెక్కలో ఇలాంటి సైజు మెషిన్ గట్టి పునాది మీద ఉంటే 2.8 దాటాక ఎక్కువ కాలం నడపడం మంచిది కాదు, 4.5 దాటితే ప్రమాదం. పట్టికలో వేగం 2.8 దాటింది తొమ్మిదో వారంలోనే. ఎన్వలప్ రీడింగ్ మాత్రం నాలుగో వారానికే రెట్టింపు దాటింది. ఒకే బేరింగ్, ఒకే సెన్సర్, మరి ఇంత తేడా ఎందుకు?

రోలర్ ఆ పెచ్చు మీదుగా దొర్లినప్పుడల్లా టక్ మని చిన్న దెబ్బ పడుతుంది. ఆ దెబ్బకు ఇనుము కొన్ని వేల హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. కానీ వేగం అనే కొలత ఎక్కువ ఫ్రీక్వెన్సీలను చిన్నవిగా చూపిస్తుంది:

```
v = a / (2πf)
```

ఇందులో v వేగం, a త్వరణం, f ఫ్రీక్వెన్సీ. దీని ప్రకారం 1 జీ త్వరణం 16.5 హెర్ట్జ్ దగ్గర, అంటే ఫ్యాన్ తిరిగే వేగం దగ్గర, సుమారు 95 మి.మీ/సె అవుతుంది. అదే 1 జీ 3000 హెర్ట్జ్ దగ్గరైతే 0.5 మి.మీ/సె. పైగా మామూలుగా వేగం కొలిచేది 10 నుంచి 1000 హెర్ట్జ్ వరకే, అంటే ఆ మోత మీటరు లెక్కలోకే రాదు. ఎన్వలప్ పద్ధతి చేసేది దీనికి ఉల్టా: పై ఫ్రీక్వెన్సీల మోతను మాత్రమే తీసుకుని, అది సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెడుతుంది.

ఆ లెక్కే అసలు ఆధారం. బయటి రింగు దెబ్బల సంఖ్య సుమారుగా 0.4 × ఒక వరసలోని రోలర్లు × సెకనుకు తిరిగే చుట్లు. 19 రోలర్లు ఉన్నాయనుకుంటే 0.4 × 19 × 16.5, అంటే 125 హెర్ట్జ్ దరిదాపుల్లో. కచ్చితమైన అంకె బేరింగ్ కంపెనీ టేబుల్‌లో దొరుకుతుంది, ఇది కేవలం ఎక్కడ వెతకాలో తెలియడానికి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత వైబ్రేషన్ ఉందో చూపే స్పెక్ట్రమ్‌లో అక్కడొక గీత, దానికి రెట్టింపు దగ్గర ఇంకో గీత కనిపించి, అవి తిరిగే వేగానికి సరిగ్గా గుణిజాలు కాకపోతే అనుమానం అక్కర్లేదు, బేరింగ్ ఆర్డర్ పెట్టండి. నాలుగో వారంలో ఇది దొరికితే సైజు, సీ3 క్లియరెన్స్, అడాప్టర్ స్లీవ్ అన్నీ సరిచూసుకుని తెప్పించుకోవడానికి, ఏ షట్‌డౌన్‌లో మార్చాలో ప్రొడక్షన్ వాళ్లతో మాట్లాడుకోవడానికి టైమ్ ఉంటుంది.

అలాగని మి.మీ/సె అంకెను తీసి పారేయకండి. దాని పని వేరు. కూలర్ వెంట్ ఫ్యాన్‌లో క్లింకర్ దుమ్ముకి బ్లేడ్లు ఒక పక్క ఎక్కువ అరిగితే, సరిగ్గా తిరిగే వేగం దగ్గరే వైబ్రేషన్ వారం వారం మెల్లగా పెరుగుతుంది. ప్రీహీటర్ ఫ్యాన్‌లో అయితే బ్లేడ్లకు పొడి అంటుకుని, ఒక పెళ్ల ఊడిపోయిన క్షణంలో అంకె ఒక్కసారిగా పైకి దూకుతుంది. రెండింటికీ బేరింగ్ మార్చినా లాభం లేదు, శుభ్రం చేయాలి, బ్యాలెన్సింగ్ చేయాలి. వీటిని టెంపరేచరూ పట్టుకోదు, ఎన్వలపూ సరిగ్గా పట్టుకోదు.

మరి టెంపరేచర్‌కి ఏ విలువా లేదా? ఉంది, రెండు చోట్ల అదే గెలుస్తుంది.

మొదటిది గ్రీజు. గన్ పట్టుకుని రెండు పంపులు ఎక్కువే కొడదాం, పోయేదేముంది అనే అలవాటు మన దగ్గర గట్టిగానే ఉంది (దీన్ని మాన్పించడం ఏ సెన్సర్ వల్లా కాలేదు). కొత్త గ్రీజు పడ్డాక టెంపరేచర్ పెరగడం మామూలే, రోజూ 60 ఉండేది 75 దాకా వెళ్లి, గ్రీజు సర్దుకున్నాక దిగిపోతుంది. మర్నాటికి కూడా దిగకపోతే హౌసింగ్ నిండిపోయిందని అర్థం. ఆ సమయంలో వైబ్రేషన్ మీటరు ప్రశాంతంగా ఉంటుంది, కొన్నిసార్లు రీడింగ్ తగ్గుతుంది కూడా, చూసినవాళ్లు గ్రీజు బాగా పని చేసిందని సంతోషపడతారు. ఇంకో సంగతి, 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకూ మళ్లీ గ్రీజు వేసే గడువు సగానికి తగ్గించుకోవాలని బేరింగ్ కంపెనీల లెక్క. అంటే 85 దగ్గర నడిచే బేరింగ్‌కి పాత షెడ్యూల్‌తో గ్రీజు వేస్తే సరిపోదు. ఈ షెడ్యూల్ మార్చడానికి కావాల్సింది టెంపరేచర్ ట్రెండే.

రెండోది వైట్ మెటల్ బేరింగ్, అంటే రోలర్లు లేకుండా ఆయిల్ పొర మీద షాఫ్ట్ తిరిగేది. పెద్ద ఫ్యాన్లలో, మిల్లుల్లో చాలాచోట్ల ఇవే ఉంటాయి. ఇందులో రోలర్లే లేవు కాబట్టి ఆ దెబ్బల లెక్క పనికిరాదు, ఆయిల్ పొర వల్ల షాఫ్ట్ కదలిక హౌసింగ్ దాకా సరిగ్గా రాదు. ఆయిల్ తగ్గినా, కూలింగ్ నీళ్లు ఆగినా మొదట మాట్లాడేది మెటల్‌లోకి దింపిన పీటీ100 టెంపరేచర్ సెన్సరే, అదీ నిమిషాల్లో. ఇక్కడ చేతి మీటరు పట్టుకుని నెలకోసారి తిరగడం దాదాపు దండగ.

టెంపరేచర్ చూసేటప్పుడు ఉత్త అంకె కాకుండా, అదే ఫ్యాన్ మీద రెండో బేరింగ్‌తో తేడా చూడండి. రెండిటికీ ఒకే ఎండ, షాఫ్ట్ నుంచి వచ్చే వేడి కూడా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, వాటి మధ్య రోజూ 4 డిగ్రీలుండే తేడా 12 అయిందంటే, మేలో 43 డిగ్రీల ఎండ ఉన్నా సరే, అది వాతావరణం పని కాదు.

ఇక చేతి మీటరా, శాశ్వతంగా బిగించే వైర్‌లెస్ సెన్సరా? ఇక్కడ నా అభిప్రాయం కొందరికి నచ్చదు. స్పెక్ట్రమ్ తీయగలిగే మంచి చేతి మీటరు ఒకటి, దాన్ని చదవడం తెలిసిన మనిషి ఒకరు ఉంటే, చవకగా వచ్చే సెన్సర్లు ముప్పై బిగించడం కంటే అదే మేలు. చవక వైర్‌లెస్ సెన్సర్లలో చాలావాటికి 1000 హెర్ట్జ్ పైన చూపు ఉండదు, అంటే పై పట్టికలో ఎన్వలప్ గడి వాటికి కనబడదు, మిగిలిన గడులే పంపిస్తాయి. అందులోనూ టెంపరేచర్ అంటే హౌసింగ్ పైన డబ్బా లోపలి వేడి, బేరింగ్ వేడి కాదు. కొనే ముందు రెండే ప్రశ్నలు అడగండి: ఎన్ని హెర్ట్జ్‌ల దాకా కొలుస్తుంది, అసలు వేవ్‌ఫామ్ మన చేతికి ఇస్తుందా లేక ఆకుపచ్చ, ఎర్ర రంగులే చూపిస్తుందా.

కానీ మనిషి దగ్గరికి వెళ్లలేని చోట, డక్ట్ పైనో, నడుస్తుండగా గార్డు తీయలేని చోటో, శాశ్వత సెన్సర్ తప్పదు. కిల్న్‌ని ఆపగల మెషిన్లకు కూడా అంతే, ఎందుకంటే నెలకోసారి తిరిగే మనిషికి రెండు రౌండ్ల మధ్య జరిగేది తెలియదు. గుర్తు తెలిశాక పూర్తిగా పాడవడానికి ఎన్ని వారాలు పడుతుందో, రీడింగ్‌ల మధ్య గడువు అందులో సగం కంటే తక్కువ ఉండాలి.

చేతి మీటరుతో ట్రెండ్ చెడిపోయేది ఎక్కువగా కొలిచే తీరు వల్లే. ఈ నెల మాగ్నెట్‌తో, వచ్చే నెల చేత్తో సూది మొన ఆనించి తీస్తే పై ఫ్రీక్వెన్సీలు సగం మాయమవుతాయి, అప్పుడు బేరింగ్ బాగుపడినట్టు కనిపిస్తుంది. హౌసింగ్ మీద రంగు గీకి, చదును చేసి, చోటు గుర్తు పెట్టుకోండి. మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ మీద నడిచే ఫ్యాన్ అయితే ఆర్‌పీఎం, డ్యాంపర్ శాతం రీడింగ్ పక్కనే రాయండి, ఎందుకంటే అన్‌బ్యాలెన్స్ బలం వేగం వర్గంతో పెరుగుతుంది, 800 దగ్గర తీసిన రీడింగ్‌ని 990 దగ్గర తీసినదానితో పోల్చడం కుదరదు.

ట్రెండ్‌లో ఒక మాయ కూడా ఉంది. బేరింగ్ చివరి దశలో పెచ్చులు రింగు అంతా పాకి అంచులు నునుపైపోయినప్పుడు, ఎన్వలప్‌లో ఆ 125 దగ్గరి గీత తగ్గిపోవచ్చు, స్పెక్ట్రమ్ అడుగు భాగం మొత్తం పైకి లేస్తుంది. నెలల పాటు పెరిగిన అంకె ఎవరూ ఏమీ చేయకుండానే తగ్గితే షట్‌డౌన్ వాయిదా వేయకండి, ముందుకు జరపండి.

ఈ ఫ్యాన్‌కి నేనైతే రెండు బేరింగ్‌లకూ పీటీ100 పెట్టి ట్రిప్ దానికే ఇస్తాను, ప్లానింగ్ మాత్రం పదిహేను రోజులకోసారి తీసే ఎన్వలప్ స్పెక్ట్రమ్ మీదే చేస్తాను. బేరింగ్ మార్చిన రోజున తీసిన పాతదాన్ని స్క్రాప్‌లో పడేయకుండా బయటి రింగు కోసి చూడమంటాను. పెచ్చు అక్కడ లేకపోతే మన లెక్క ఎక్కడో తప్పింది, పునాది బోల్టులూ కప్లింగూ మళ్లీ చూసుకోవాలి. కొత్త బేస్‌లైన్ తీసేది మాత్రం ఫ్యాన్ పూర్తి లోడుతో ఒక రోజు నడిచి, గ్రీజు వేడి దిగాకే.