మా అపార్ట్‌మెంట్ ట్యాంక్ క్లీనింగ్ నోటీసు: ఇన్నేళ్ల వాడకంలో ఏది పనికొచ్చింది, ఏది లోటు

బెంగళూరులో కుందలహళ్లి వైపు ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లో ఆరు నెలలకోసారి ట్యాంకులు కడిగిస్తారు. అందుకు మూడు రోజుల ముందు లిఫ్ట్ పక్కన కన్నడ, ఇంగ్లిష్, తెలుగు భాషల్లో నోటీసు అంటిస్తారు. పగటిపూట ఇళ్లలో ఉండేది ఎక్కువగా ఒంగోలు, అనంతపురం వైపు నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లే కాబట్టి తెలుగు కాపీ తప్పనిసరి అయింది.

పాత నోటీసు రెండే ముక్కలు: "శనివారం ఉదయం 10 నుంచి 2 వరకు ట్యాంక్ క్లీనింగ్. నీళ్లు రావు, సహకరించగలరు." ఆ టైము పనివాళ్లది. మనకు కావాల్సింది కుళాయి ఎప్పుడు ఆగుతుంది, మళ్లీ వచ్చిన నీళ్లు ఎప్పటి నుంచి వాడుకోవచ్చు అన్నది. ఈ రెండూ అందులో లేవు. ఇప్పుడు అంటిస్తున్నది ఇలా ఉంటుంది:

"శుక్రవారం పగలు సంపు కడుగుతారు. కుళాయి నీళ్లు మామూలుగానే వస్తాయి. శుక్రవారం రాత్రి 10 గంటలకు పై ట్యాంకులకు మోటారు ఆపేస్తాం. శనివారం ఉదయం 9.30కి వాల్వు కట్టేస్తాం. మధ్యాహ్నం 2.30కి నీళ్లు వదులుతాం. 3 గంటల వరకు ఆ నీళ్లు తాగొద్దు, వంటకు వాడొద్దు. ఫ్లష్ లైను వేరు, అది ఆగదు."

నాకు బాగా నచ్చింది సంపునీ పై ట్యాంకులనూ వేర్వేరు రోజులకు విడదీయడం. సంపు కడిగేటప్పుడు పై ట్యాంకులు నిండుగా ఉంటే ఇళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. పైగా మర్నాడు పై ట్యాంకుల్లోకి ఎక్కేది కడిగిన సంపులో నీళ్లే. ముందు పైవి కడిగి తర్వాత సంపు కడిగితే, మురికి సంపు నీళ్లతోనే శుభ్రమైన ట్యాంకులు నింపినట్టు అవుతుంది. మా ఏరియాకు కావేరి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అందుకని నీళ్లు వచ్చే రోజే చూసుకుని సంపు పని పెడతారు. లేకపోతే కడిగిన సంపు నింపడానికి ట్యాంకర్లకు డబ్బు పోయాల్సిందే.

రాత్రి 10కి మోటారు ఆపడం వెనక ఒక లెక్క ఉంది. మా బ్లాకులో 24 ఇళ్లు, సుమారు 80 మంది. మనిషికి రోజుకు 135 లీటర్లన్న మామూలు లెక్కన రోజుకు దాదాపు 11,000 లీటర్లు కావాలి. పై ట్యాంకు 12,000 లీటర్లది. రాత్రి పది నుంచి పొద్దున తొమ్మిదిన్నర లోపు రోజువారీ వాడకంలో సగం, అంటే 5,500 లీటర్లు పోతాయి. ఆ లెక్క చూసుకుని మొదట్లో సగం ట్యాంకుతో ఆపేవారు. తీరా చూస్తే పొద్దున ఎనిమిదిన్నరకే కుళాయిలు బుసబుసమనేవి. నోటీసు చూసిన ప్రతి ఇల్లూ బక్కెట్లు, డ్రమ్ములు నింపుకుంటుంది కదా! ఇంటికి వంద లీటర్లు వేసుకున్నా 2,400 లీటర్లు అదనం. ఇప్పుడు మా ప్లంబర్ ముప్పావు ట్యాంకు ఉండేలా చూసి ఆపుతాడు. పొద్దునకు వెయ్యి లీటర్ల చిల్లర మిగులుతుంది. "అడుగున ఆ మాత్రం నీళ్లుంటేనే బురద కదిలించి తోడేయొచ్చు సార్, ఎండిపోతే గీకలేం" అంటాడు. మంచి నీళ్లు డ్రైన్‌లోకి వదలాల్సిన అవసరమూ తగ్గింది.

2.30 ఎందుకంటే, రుద్ది, జెట్‌తో కడిగి, అడుగు మడ్డి తోడేసరికి పన్నెండు దాటుతుంది. ఆపైన గోడలకు క్లోరిన్ ద్రావణం కొట్టి అరగంట ఆగాలి. లీటరుకు 200 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండే ద్రావణానికి ఆ అరగంట కావాలి. తొందరపడి పది నిమిషాల్లో కడిగేస్తే కొట్టినట్టే కాదు. తర్వాత మళ్లీ కడిగి, మోటారు వేస్తారు. మా మోటారు నిమిషానికి 150 లీటర్లు ఎక్కిస్తుంది, సగం ట్యాంకు నిండడానికే 40 నిమిషాలు. అందుకే పని ఒంటి గంటకు అయిపోయినా నీళ్లు అప్పుడే రావు. పాత నోటీసు గొడవలన్నీ ఇక్కడే పుట్టేవి.

జాగ్రత్తల భాగం ఐదే వాక్యాలు, ఐదూ పనికొచ్చేవే. మొదటిది, ఇంట్లోంచి బయటికెళ్తే కుళాయిలన్నీ కట్టేసి వెళ్లండి. నీళ్లు లేనప్పుడు కుళాయి తిప్పి చూసి, రాలేదని అలాగే వదిలేసి వెళ్తారు. ఒకసారి మూడో అంతస్తులో అదే జరిగింది. సింకులో గిన్నెలు అడ్డుపడి, తాళం వేసిన ఇంట్లోంచి నీళ్లు గుమ్మం కింద నుంచి మెట్ల మీదకు వచ్చాయి. కింది ఇంటి పిన్నిగారు చూసి కేకేసే వరకు ఎవరికీ తెలియలేదు. అప్పటి నుంచి ఈ వాక్యం పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు.

రెండోది ఆర్‌ఓ. దాని ఇన్‌లెట్ కుళాయి శుక్రవారం రాత్రే కట్టేయమంటారు. మొదట వచ్చే నీళ్లతో పైపుల్లో కదిలిన మడ్డి వస్తుంది, అది ఫిల్టర్‌ను మూసేస్తుంది. క్లోరిన్ ఎక్కువుంటే మెంబ్రేన్ కూడా పాడవుతుంది. టీడీఎస్ మీటరుతో చూసి నీళ్లు బాగున్నాయనుకునేవాళ్లున్నారు, ఆ మీటరు క్లోరిన్ సంగతి చెప్పదు. మిగతావి: గీజర్ స్విచ్చి వేయొద్దు, వేడి కుళాయిలో ధార నిలకడగా వచ్చాకే వేయాలి. వాషింగ్ మెషిన్ వాడొద్దు. నీళ్లు రాగానే ముందు బాత్రూమ్ కుళాయి ఐదు నిమిషాలు వదిలి, తేటగా వచ్చాకే వంటింటి కుళాయి తిప్పండి.

నోటీసులో లేనివి రెండున్నాయి. ఒకటి మేడ మీది సోలార్ హీటర్లు. చల్లనీళ్లు ఆగిపోయి గాజు గొట్టాలు ఖాళీ అయితే మధ్యాహ్నం ఎండకు కాగిపోతాయి, 2.30కి చల్లటి నీళ్లు తగిలితే పగలొచ్చు. గొట్టాలు ఖాళీ అయితే సాయంత్రం ఎండ తగ్గాకే వాల్వు తిప్పండి అని ఒక వాక్యం చేర్చమని కమిటీని అడిగాను, వచ్చేసారి వేస్తామన్నారు.

రెండోది అంతకన్నా ముఖ్యం: పరీక్ష ఫలితం. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ మిగిలి ఉండాలి. చిన్న కిట్‌తో, మందు వేసి రంగు చూసి చెప్పేయొచ్చు. మా ప్లంబర్ చూస్తాడు కూడా, కానీ ట్యాంకు దగ్గర చూస్తాడు. చూడాల్సింది పైపులన్నీ దాటి వచ్చే గ్రౌండ్ ఫ్లోర్ చివరి ఇంటి కుళాయి దగ్గర. అక్కడ రంగే రాకపోతే క్లోరిన్ మిగల్లేదన్నమాట. ముక్కు పట్టుకునేంత వాసన వస్తే గోడల మీది ద్రావణం సరిగ్గా కడగలేదని అనుమానించాలి. ఆ అంకె ఎంతో, ఏ టైముకి ఎవరు చూశారో నోటీసు కింద ఖాళీ గీతలు పెట్టి, సాయంత్రం పెన్నుతో నింపితే చాలు. 2.30కి బదులు నాలుగైనా ఫరవాలేదు, ఆ మారిన టైము కూడా అదే కాగితం మీద రాస్తే పెద్దవాళ్లు వాచ్‌మన్ చుట్టూ తిరగక్కర్లేదు.