మీటింగ్ సారాంశానికి బుల్లెట్లా, టేబులా, పేరానా: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

అపార్ట్‌మెంట్ సంఘం మీటింగు రికార్డింగు నుంచి తీసిన ట్రాన్స్‌క్రిప్ట్‌ను కమిటీకి, ఫ్లాట్ల యజమానులకు, పని చేసేవాళ్లకు విడివిడిగా కుదించి ఇస్తుంటాను. మూడు రూపాలూ వాడాక బుల్లెట్ పాయింట్ల మీద నాకు గట్టి ఫిర్యాదే ఉంది. అవి షరతును మింగేస్తాయి.

టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ గురించి మీటింగులో అన్న మాట ఇది: "రెండో కొటేషన్ నాలుగు లక్షల ఎనభై వేలలోపు వస్తేనే పని ఇద్దాం. అదీ వానలు తగ్గాకే. రాకపోతే మళ్లీ కూర్చుందాం." దీన్ని కమిటీకి బుల్లెట్లలో పంపితే ఇలా తయారైంది:

- టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌కు ఆమోదం
- బడ్జెట్ రూ. 4.80 లక్షలు
- రెండో కొటేషన్ తెప్పించాలి
- వానలు తగ్గాక పని మొదలు

విడివిడిగా చూస్తే ప్రతి గీతకూ ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆధారం ఉన్నట్టే ఉంటుంది. నాలుగూ కలిపి చదివితే మాత్రం అర్థం తారుమారైంది. మీటింగులో ఆమోదం కొటేషన్ మీద ఆధారపడింది, ఇక్కడ ఆమోదమే ముందు నిలబడింది. డబ్బు వ్యవహారం చూసేవారు మొదటి రెండు గీతలు చదివి, మొదటి కాంట్రాక్టరుకే అడ్వాన్సు ఇచ్చేశారు. రెండో కొటేషన్ ఆ తర్వాత వచ్చింది, తక్కువకే వచ్చింది. అడ్వాన్సు వెనక్కి రాబట్టడానికి పడ్డ తిప్పలు ఇంతా అంతా కాదు. చదివినవారిది తప్పనను. ఒకదాని కింద ఒకటి పేర్చిన గీతలను ఎవరైనా వేటికవే తేలిపోయిన నిర్ణయాలుగానే చదువుతారు.

తెలుగు ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. మన మాటలో షరతు ముందొస్తుంది, నిర్ణయం చివరి క్రియలో ఉంటుంది. పొట్టిగా చేయాలనుకున్నప్పుడు కత్తిరించే చెయ్యి ముందు భాగం మీదికే వెళ్తుంది. అందుకే రూపం ఎంచుకునే ముందు ట్రాన్స్‌క్రిప్ట్ అంతా తిరగేసి "వస్తేనే, తగ్గాకే, రాకపోతే, కాబట్టి" లాంటి మాటల కింద గీత పెడతాను. ఒక నిర్ణయానికి అలాంటివి రెండు తగిలితే దాన్ని బుల్లెట్లలో పెట్టను, పేరా రాస్తాను: "రెండో కొటేషన్ రూ. 4.80 లక్షలలోపు వస్తేనే, వానలు తగ్గాక వాటర్‌ప్రూఫింగ్ పని ఇస్తారు. అంతవరకు ఎవరికీ అడ్వాన్సు లేదు. కొటేషన్ ఎక్కువైతే మళ్లీ చర్చిస్తారు." మధ్యలోని అడ్వాన్సు వాక్యాన్ని కూడా మీటింగులో ఎవరైనా అని ఉంటేనే రాయాలి. లేదంటే కమిటీని అడిగి ఖాయం చేసుకోవాలి.

మీటింగుకు రాని యజమానులకైతే పేరానే నయం. ఎవరు ఎందుకు వద్దన్నారో అందులోనే ఇముడుతుంది. కాకపోతే తేదీలు లోపల దాక్కుంటాయి. ఒక్కో నిర్ణయానికి ఒక్కో పేరా ఇచ్చి, మొదటి వాక్యంలోనే నిర్ణయమూ తేదీ చెప్పేస్తే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది.

కమిటీకి మాత్రం టేబులే ఇష్టంగా ఇస్తాను. పని, ఎవరు, ఎప్పటికి, షరతు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏ నిమిషం అని అయిదు గడులు. దీని గొప్పతనమంతా ఖాళీ గడిలో ఉంది. లిఫ్ట్ ఏఎంసీ గురించి ఎంతసేపు మాట్లాడినా "ఎవరు" గడి ఖాళీగా మిగిలిందంటే, ఆ పని ఎవరూ నెత్తిన వేసుకోలేదని కమిటీకి ఒక్క చూపులో తెలిసిపోతుంది. పేరాలో అయితే "చేయాలని నిర్ణయించారు" అన్న మాట కింద అది కప్పబడిపోతుంది.

ఆ మెప్పుకూ హద్దుంది. ఖాళీ గడిని చూస్తే రాసేవాళ్ల చెయ్యి ఊరుకోదు. "తొందరగా చూద్దాం" అన్నది "నెలాఖరు" అయిపోతుంది. అందుకే తేదీ చెప్పని చోట "తేదీ చెప్పలేదు" అనే రాస్తాను. ఇంకో చిక్కు, వాట్సాప్ మెసేజీలో టేబుల్ నిలవదు, గడులన్నీ కలిసిపోతాయి. ఫొటోగా పంపితే చిన్న తెరమీద అక్షరాలు కనబడవు, తర్వాత అందులోని మాటతో వెతికినా దొరకదు. కమిటీకి షీటుగా పంపుతాను. ఫోన్లోనే చదివే యజమానులకు టేబుల్ జోలికే పోను.

ప్లంబరుకో వాచ్‌మన్‌కో ఇచ్చేది బుల్లెట్లే. "సంపు కడగడం: శనివారం ఉదయం, ముందురోజే అందరికీ చెప్పాలి." ఇక్కడ షరతు లేదు, వరుసగా చేసే పని ఉంది, కాబట్టి అవి బాగా పనిచేస్తాయి.

ఇదంతా అందరూ ఒకరికొకరు తెలిసిన, తెలుగులో వాదించుకునే చిన్న సంఘానికి కుదిరిన పద్ధతి. పని పంపకాలే తప్ప షరతులు లేని మీటింగులైతే అందరికీ బుల్లెట్లే చాలు, పేరాలు రాయడం దండగ.