సౌదీ నుంచి పార్థివదేహం: అధికార పత్రం ఎవరి పేరున రాస్తే మేలు?

సోంపేట వైపు నుంచి వెళ్లిన ఒక రిగ్గరు దమ్మాం దగ్గర క్యాంపులో గుండెపోటుతో పోయాడనుకుందాం. కబురు వచ్చిన రోజే, కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే పీఆర్వో వాట్సాప్‌లో తన పేరున రాసిన అధికార పత్రం ఒకటి పంపి, నోటరీ చేయించి పంపమంటాడు. అదే క్యాంపులో ఉన్న కవిటి కుర్రాడు "నా పేరున రాయండి, నేను చూసుకుంటాను" అంటాడు. ఇద్దరిలో ఎవరి పేరు రాయాలన్నది ఇంట్లో ముందుగా తేలాలి.

అక్కడ జరగాల్సిన పనులు ఇవీ. ఆసుపత్రి, పోలీసుల నివేదికలు తీసుకుని మరణ ధ్రువపత్రం చేయించాలి. రియాద్‌లోని మన ఎంబసీలో మరణం నమోదు చేయించి, పాస్‌పోర్టు రద్దు చేయించి, ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఆపైన దేశం వదిలే అనుమతి అయిన ఫైనల్ ఎగ్జిట్, దేహం చెడకుండా చేసే ఎంబామింగ్, విమాన కార్గో. ఫైనల్ ఎగ్జిట్ కంపెనీ చేతుల్లోని పని. దేహాన్ని పంపే ఖర్చు కూడా సౌదీ కార్మిక చట్టం ప్రకారం యజమానిదే. అందుకే అక్కడ నివసించే అనుమతి కార్డు ఇకామా సరిగా ఉండి, కంపెనీ తన మనిషేనని ఒప్పుకుంటే పీఆర్వో చేతిలో ఫైలు వేగంగా కదులుతుంది. కవిటి కుర్రాడైతే ప్రతి ఆఫీసుకీ ఫోర్‌మన్ దగ్గర సెలవు అడిగి వెళ్లాలి. అరబీ రాకపోతే ఇంకొకరిని వెంటబెట్టుకోవాలి.

అయినా పీఆర్వో పంపిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. దేహం పంపే అనుమతితో పాటు జీతం బకాయిలు, సర్వీసు డబ్బు, నష్టపరిహారం ముట్టినట్టో, వాటిని తీసుకునే అధికారం ఇచ్చినట్టో ఒక వాక్యం అందులో దూరి ఉండొచ్చు. ఫైనల్ సెటిల్‌మెంట్, డ్యూస్, క్లెయిమ్స్ అన్న మాటలు కనబడితే ఆ వాక్యం తీసేయించాలి. అరబీలో మాత్రమే ఉన్నదాన్ని ఇంగ్లీషు ప్రతి వచ్చేదాకా ముట్టుకోవద్దు. ఎంబసీ నమూనాలోనే రాయించి, "పార్థివదేహాన్ని భారతదేశానికి పంపే పనులకు మాత్రమే" అన్న ముక్క ఉండేలా చూసుకుంటే చాలు. డబ్బు సంగతికి తర్వాత వేరే పత్రం రాసుకోవచ్చు. దేహం రెండు రోజులు ముందు రావాలని ఆ డబ్బు వదులుకోవడం నా లెక్కలో తెలివైన పని కాదు.

కంపెనీ చేతులెత్తేసినా, పని వదిలి పారిపోయాడని కంపెనీ పెట్టే హురూబ్ కేసు మనిషి మీద పడి ఉన్నా ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఊరివాడి పేరునో, ఎంబసీతో తిరిగే తెలుగు సామాజిక కార్యకర్త పేరునో రాయడమే దారి. రాసేముందు అతని ఇకామా గడువు చూడండి. గడువు దాటినవాడు పోలీస్ స్టేషన్‌కు ఎలా వెళ్తాడు? ఖర్చుకు దిక్కు లేకపోతే ఎంబసీ దగ్గర ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉంటుంది. అర్హత చూసి ఇస్తారు కాబట్టి దానికోసం మదద్ పోర్టల్లో (madad.gov.in) ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరు దాచుకోండి.

ఎవరి పేరు రాసినా, కాగితం వెనక్కి వచ్చేది ఎక్కువగా పేర్ల దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, భార్య ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. పత్రంలో చనిపోయినవారి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, భార్య పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించి, ఇద్దరి బంధుత్వానికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయాలి. భార్య ఉండగా అన్నదమ్ముల సంతకం ఒక్కటే సరిపోదు. కాగితాలను వేలు అడ్డం పడిన ఫొటోలుగా కాక, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపండి.

కబుర్లు అందరూ చేరిన గ్రూపులో నడపాలా, ఒక్కరి ఫోన్ మీదా? ఒక్కరే మేలు. బావమరిది "అక్కడే ఖననం చేసేయండి" అని, చిన్నాన్న "పంపండి" అని చెరో ఫోన్ చేస్తే పీఆర్వో ఫైలు పక్కన పెట్టేస్తాడు. అతన్ని తప్పు పట్టలేం. ఇంటి తరఫున మాట్లాడేవాడే విమానాశ్రయానికీ వెళ్లేలా చూడండి. విమాన కార్గో పత్రమైన ఎయిర్‌వే బిల్లులో దేహం తీసుకునేవారిగా అతని పేరే, ఆధార్‌లో ఉన్నట్టు రాయించాలి. కవిటి కుర్రాడికి ఇక్కడ అసలు పని ఉంది. కంపెనీలో వచ్చే ప్రతి కాగితం ఫొటో తీసి ఆ ఒక్క నంబరుకే పంపాలి.

విశాఖకు గల్ఫ్ నుంచి నేరు విమానాలు తక్కువ. కార్గో హైదరాబాద్ దాకానే బుక్ చేస్తే అక్కడి నుంచి సోంపేటకు రోడ్డు మీద ఒక రాత్రంతా పైనే పడుతుంది. విశాఖ దాకా కనెక్షన్ కార్గో దొరుకుతుందా అని బుకింగ్‌కు ముందే పీఆర్వోని అడగండి. దొరక్కపోతే ఉచిత అంబులెన్సు కోసం ప్రవాసాంధ్రుల పనులు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఎన్‌ఆర్‌టీఎస్‌కు ఎయిర్‌వే బిల్లు నంబరుతో ముందురోజే చెప్పండి. దిగే విమానాశ్రయంలో ఆరోగ్య అధికారి మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ పత్రం, ఎంబసీ ఎన్‌ఓసీ, రద్దైన పాస్‌పోర్టు ప్రతి చూస్తారు. వీటి ప్రతులు బయల్దేరకముందే ఇంటికి తెప్పించుకోండి. విదేశంలో జరిగిన మరణాన్ని మన పంచాయతీలో నమోదు చేయరు కాబట్టి బ్యాంకుకూ, బీమాకూ ఎంబసీ ఇచ్చిన మరణ నమోదు పత్రమే చూపాలి. దాని అసలు ప్రతిని పెట్టెతో వచ్చిన కవర్లోంచి తీసి వేరుగా దాచండి.